పార్ట్‌టైం ఫ్యాకల్టీకి గంటలు పంచడం ఎలా

(తిరుపతిలో కోచింగ్ సెంటర్ల నిర్వాహకులు, ఫ్యాకల్టీ కలిసి కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మాక్ టెస్టులు ముగించుకుని, పేపర్లు కట్టలు కట్టి పెట్టి, ఇంటికి వెళ్లకుండా ఇక్కడికి వచ్చారు. నేను పాఠం చెప్పే మనిషిని కాను. పదమూడేళ్లుగా ఒక కోచింగ్ సెంటరులో టైంటేబుల్ వేస్తున్నాను, అంతే. కాబట్టి నా మాటల్లో పాఠం చెప్పేవారి ధార ఉండదు, మన్నించాలి.

ముందుగా ఒక ప్రశ్న. మీ సెంటరులో జీతాలు ఎవరు నిర్ణయిస్తారు? యజమాని అంటారు మీరు. గంటకు ఇంత అని రేటు నిర్ణయించేది యజమానే, ఒప్పుకుంటాను. కానీ గంటకు మూడు వందలు అన్నప్పుడు, ఈ వారం ఆయన చేతికి పన్నెండు వందలు వస్తాయా, మూడు వేలు వస్తాయా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? టైంటేబుల్ వేసే గుమాస్తా నిర్ణయిస్తున్నాడు. నెల జీతం ఉన్న మాస్టారికి టైంటేబుల్ అంటే పని పట్టిక. గంటల లెక్కన వచ్చే మాస్టారికి మాత్రం అదే జీతం పట్టీ. ఈ సంగతి నాకు మొదటి రెండేళ్లు తట్టనే లేదు. గది ఖాళీ లేకుండా, బ్యాచ్ ఖాళీగా కూర్చోకుండా గళ్లు నింపేస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి.

ఈ రోజు అన్ని సబ్జెక్టుల జోలికి పోను. ఒక్క సబ్జెక్టు, అర్థమెటిక్–రీజనింగ్, నలుగురు మనుషులు, వారానికి ఇరవై నాలుగు గంటలు. ఈ ఒక్క కేసునే మొదటి నుంచి చివరి దాకా విప్పి చూద్దాం. రేటు అందరికీ మూడు వందలే అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది.

మాకు ఒక పెద్ద హాలు, రెండు చిన్న గదులు ఉన్నాయి. హాలులో నూట ఇరవై మంది పడతారు, చిన్న గదుల్లో నలభై అయిదు మంది చొప్పున. ఈ సబ్జెక్టు కావలసిన బ్యాచ్‌లు నాలుగు: పొద్దున్నే ఆరింటికి మొదలయ్యే బ్యాంక్ బ్యాచ్, పగటి పూట గ్రూప్–2 బ్యాచ్, సాయంత్రం కానిస్టేబుల్ బ్యాచ్, సాయంత్రమే మరో బ్యాంక్ బ్యాచ్. ఒక్కొక్క బ్యాచ్‌కు సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరేసి గంటలు. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు.

ఇక మనుషులు. పేర్లు వద్దు, వారి పనిని బట్టే పిలుస్తాను. మొదటివారు డిగ్రీ కాలేజీ లెక్చరర్. పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం అయిదు దాటాక మాత్రమే రాగలరు. రెండవ ఆయన యూనివర్సిటీలో రిసెర్చ్ స్కాలర్. ఎప్పుడు పిలిచినా వస్తారు, ఎందుకంటే ఇల్లు గడిచేది ఈ డబ్బుతోనే. మూడవవారు చిత్తూరు నుంచి బస్సులో వచ్చే మేడమ్. సోమ, బుధ, శుక్రవారాల్లో పగటి పూట మాత్రమే రాగలరు. నాలుగవవారు బైరాగిపట్టెడలో ఉండే రిటైర్డ్ మాస్టారు. పొద్దున ఆరింటికి స్కూటరు మీద వచ్చి పాఠం చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోతారు. సాయంత్రం రానంటారు, కళ్లు సరిగా ఆనవని.

ఇరవై నాలుగు గంటలు, నలుగురు మనుషులు. మీరైతే ఎలా పంచుతారు? ముందు వరుసలో ఎవరో ఆరేసి అన్నారు. అవును, నేనూ అదే చేశాను. ఒక ఏడాది తలా ఆరు గంటలు ఇచ్చాను. ఇచ్చి, నా అంత ధర్మాత్ముడు ఈ తిరుపతిలో లేడనుకున్నాను. పట్టిక కూడా చక్కగా కుదిరింది, ఎక్కడా గంట గంటకు తగల్లేదు. నాలుగో నెలలో అప్పటి స్కాలర్ గారు మానేశారు. మానేసే రోజు నాతో ఒక్కటే అన్నారు: "సార్, నాకు వారానికి పద్దెనిమిది వందలు వస్తే గది అద్దె, మెస్ బిల్లు వెళ్లవు. మాస్టారికి పింఛను ఉంది, ఆయన నాలుగు గంటలు చాలని మీతోనే అన్నారు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

మీరు అడగలేదు, నేను చెప్పలేదు. గంటలు సమానంగా ఉన్నాయి, అవసరాలు సమానంగా లేవు. ఆ మరుసటి బ్యాచ్ నుంచి పట్టిక గీయకముందే ఒక చీటీ ఇవ్వడం మొదలుపెట్టాను. చీటీలో రాయవలసినవి మూడే. వారానికి కనీసం ఎన్ని గంటలు ఉంటే మీకు గిట్టుతుంది? ఎన్ని గంటలు దాటితే మీకు భారం? ఏ రోజు, ఏ గంటల్లో రాగలరు, ఒక రోజుకు ఎన్ని క్లాసులు? ఈ చివరి ముక్కను, రోజుకు ఎన్ని క్లాసులు అన్నదాన్ని, చాలామంది అడగరు. అది అడగకపోతే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను.

మన నలుగురి చీటీలు ఇలా వచ్చాయి. లెక్చరర్ గారు కనీసం నాలుగు, గరిష్ఠం ఎనిమిది. స్కాలర్ కనీసం ఎనిమిది, గరిష్ఠం పన్నెండు. చిత్తూరు మేడమ్ కచ్చితంగా ఆరు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు, వచ్చిన రోజు రెండు గంటలైనా ఉండాలి. మాస్టారు కనీసం నాలుగు, గరిష్ఠం ఆరు. కనీసాలన్నీ కూడితే ఇరవై రెండు. గరిష్ఠాలు కూడితే ముప్పై రెండు. మనకున్నవి ఇరవై నాలుగు. అంటే అందరి కనీసాలూ తీరాక రెండు గంటలు మిగులుతాయి. కనీసాల మొత్తమే ఇరవై ఆరు అయి ఉంటే? అప్పుడు న్యాయం గురించి మాట్లాడే అర్హతే మనకు లేదు, ఒకరిని ఎక్కువగా పిలిచాం అని ఒప్పుకుని, ఆ మాట వాళ్లకు బ్యాచ్ మొదలు కాకముందే చెప్పాలి. గరిష్ఠాల మొత్తం ఇరవై దాటకపోతే? అప్పుడు ఇంకొకరిని వెతకాలి. ఈ రెండు కూడికలకు పట్టేది అయిదు నిమిషాలు.

కూడికలు సరిపోయినంత మాత్రాన పట్టిక కుదురుతుందా? కుదరదు. ఇప్పుడు ఆ శనివారం సంగతి చెబుతాను. ఒకసారి శనివారం సాయంత్రం మూడు గంటలు ఈ సబ్జెక్టుకే కావలసి వచ్చాయి. అయిదున్నరకు బ్యాంక్ బ్యాచ్, ఆరున్నరకు కానిస్టేబుల్, ఏడున్నరకు గ్రూప్–2 పిల్లల సందేహాల క్లాసు. నా కాగితంలో అయిదున్నర ఎదుట ఇద్దరి పేర్లు, ఆరున్నర ఎదుట ఇద్దరి పేర్లు, ఏడున్నర ఎదుటా ఇద్దరి పేర్లు. ఒక్కొక్క గంటకు ఒక మనిషి కావాలి, ఇద్దరేసి ఉన్నారు. ఇంకేం, ధీమాగా ఉన్నాను. రెండు రాత్రులు కూర్చుని ఇటు తిప్పాను, అటు తిప్పాను, కుదరలేదు. ఎందుకు కుదరలేదు? ఆ మూడు చోట్లా ఉన్న ఇద్దరూ ఒకే ఇద్దరు, లెక్చరరూ స్కాలరూ. లెక్చరర్ గారు శనివారం శ్రీకాళహస్తిలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరకు వెళతారు, ఏ గంటైనా సరే ఒక్క క్లాసే అన్నారు. స్కాలరూ శనివారం సాయంత్రం ఒక్కటే అన్నారు. గంటలు మూడు, చేతులు రెండు. ఎన్ని రాత్రులు కూర్చుంటే మాత్రం మూడు గంటలకు రెండు చేతులు సరిపోతాయి?

ఇది గణితంలో పేరున్న సంగతే. ఫిలిప్ హాల్ అనే ఆయన 1935లో ఒక సిద్ధాంతం చెప్పారు. మన భాషలో చెప్పుకుంటే, కొన్ని గంటలను ఒక గుంపుగా తీసుకోండి, ఆ గుంపులో ఏదో ఒక గంటకైనా రాగల మనుషులందరినీ కలిపి లెక్కపెట్టండి. ఒక్కొక్కరు ఒక్క క్లాసే తీసుకునే చోట మనుషులు గంటల కన్నా తక్కువైతే అసాధ్యం. ఏ గుంపులోనూ తక్కువ కాకపోతే తప్పకుండా కుదురుతుంది. రెండో మాటలోనే గొప్పతనం ఉంది, కుదరనప్పుడు ఎక్కడో ఒక బిగుసుకున్న గుంపు ఉండి తీరుతుంది అని దాని అర్థం. ఒకరు రెండు క్లాసులు తీసుకుంటానంటే వారిని ఇద్దరుగా లెక్కపెట్టండి. అందుకే రోజుకు ఎన్ని క్లాసులు అన్న ముక్క చీటీలో ఉండాలన్నాను. నేనిప్పుడు ప్రతి రోజు ప్రతి పూటకూ, ముఖ్యంగా శనివారం సాయంత్రానికి, ఈ లెక్క చూసుకున్నాకే పెన్సిలు పడతాను. ఆ శనివారం మూడో గంటను బుధవారానికి మార్చాను, అంతటితో చిక్కు విడిపోయింది.

కంప్యూటరుకు ఇస్తే సరిపోదా అని మీలో కొందరు అడుగుతారు. ఇవ్వండి, నేనూ పట్టికను కంప్యూటరులోనే ఉంచుతాను. కానీ మాస్టర్లు కొన్ని గంటలే రాగలరు అన్న షరతు చేరగానే టైంటేబుల్ సమస్య ఎంత కఠినమవుతుందో 1976లోనే ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే ముగ్గురు నిరూపించారు. అన్ని సందర్భాల్లోనూ త్వరగా తేల్చి చెప్పే పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. మన మూడు గదుల సెంటరుకు అంత భయం అవసరం లేదనుకోండి, చేత్తోనే వేయవచ్చు. కంప్యూటరు నాకు పనికొచ్చేది ఒకే మాస్టారి పేరు ఒకే గంటలో రెండు గదుల్లో పడినప్పుడు ఎర్రగా చూపించడానికి. ఒక్కొక్క గంట ఒక్కొక్క వరుస, మూడు గదులు B, C, D నిలువు వరుసలు అనుకుంటే, షరతుతో రంగు వేసే చోట ఇది రాయండి:

```
=COUNTIF($B2:$D2,B2)>1
```

ఒక జాగ్రత్త. పేరు అన్ని చోట్లా ఒకేలా టైపు చేయాలి. ఒక చోట "సార్" చేర్చి, ఒక చోట చేర్చకపోతే అది ఇద్దరు మనుషులనుకుంటుంది. మా దగ్గర ఒక సోమవారం ఒకే మాస్టారి కోసం రెండు గదులు ఎదురుచూసిన కథ వెనక ఉన్నది ఆ "సార్" అన్న ముక్కే.

సరే, మళ్లీ మన రెండు మిగులు గంటల దగ్గరకు వద్దాం. అంతకు ముందు కనీసాలను పట్టికలో కదలకుండా కూర్చోబెట్టాలి. పొద్దుటి బ్యాంక్ బ్యాచ్‌కు సోమవారం నుంచి గురువారం దాకా మాస్టారు, నాలుగు గంటలు. పగటి గ్రూప్–2 బ్యాచ్‌కు సోమ, బుధ, శుక్రవారాలు రెండేసి గంటలు చిత్తూరు మేడమ్, ఆరు గంటలు. కానిస్టేబుల్ బ్యాచ్‌కు అర్థమెటిక్ నాలుగు రోజులు లెక్చరర్ గారు, నాలుగు గంటలు. సాయంత్రం బ్యాంక్ బ్యాచ్ ఆరు రోజులూ స్కాలర్, దానితో పాటు మంగళ, గురువారాల్లో కానిస్టేబుల్ బ్యాచ్‌కు రీజనింగ్, మొత్తం ఎనిమిది గంటలు. ఇవి ఇరవై రెండు. వీటిని నేను కదలని గంటలు అంటాను. ఎందుకు కదలవు? పాఠం నడుస్తుంది కాబట్టి. శాతాలు ఒకరు మొదలుపెట్టి, లాభనష్టాలు ఇంకొకరు చెబితే పిల్లలు ఊరుకోరు. ఒకాయన భిన్నాలతో చేస్తారు, మరొకాయన నూరు అనుకుని మొదలుపెడతారు, పిల్లవాడు పరీక్షలో రెండింటి మధ్యా చిక్కుకుంటాడు. న్యాయం పేరుతో పాఠాన్ని ముక్కలు చేయకూడదు.

మిగిలినవి పొద్దుటి బ్యాంక్ బ్యాచ్‌కు శుక్రవారం, శనివారం ఆరు గంటల క్లాసులు. ఈ రెండింటినీ నేను కావాలనే టెస్టు పేపరు చర్చకు కేటాయించాను. కొత్త పాఠం ఉండదు, పేపరు చేతిలో ఉంటుంది, ఎవరు వచ్చినా నడుస్తుంది. ఇవి కదిలే గంటలు. వీటితోనే సర్దుబాటు చేయాలి. లెక్చరర్, స్కాలర్, మాస్టారు ముగ్గురూ పొద్దున రాగలరు. మరి ఎవరికి ఇవ్వాలి?

చీటీలనే అడగాలి. కనీసానికీ గరిష్ఠానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. లెక్చరర్‌కు నాలుగు, స్కాలర్‌కు నాలుగు, మాస్టారికి రెండు, మేడమ్‌కు సున్న. మొత్తం పది గంటల కోరిక, ఉన్నవి రెండు గంటలు. పదికి రెండు అంటే అయిదో వంతు. ఎవరి కోరికలోనైనా అయిదో వంతు తీర్చగలం. నాలుగులో అయిదో వంతు ఎంత? గంటను రూపాయి అనుకోండి, ఎనభై పైసలు. రెండులో అయిదో వంతు నలభై పైసలు. కాబట్టి ప్రతి వారం లెక్చరర్‌కు ఎనభై పైసలు, స్కాలర్‌కు ఎనభై పైసలు, మాస్టారికి నలభై పైసలు మనం బాకీ పడతాం. కూడితే రెండు రూపాయలు, అంటే రెండు గంటలు. కానీ గంటను ముక్కలు చేసి ఇవ్వలేం కదా? ఇవ్వలేం. అందుకే ఖాతా కావాలి.

ఖాతా అంటే పెద్ద పుస్తకమేమీ కాదు, మన కిరాణా కొట్టులో ఉండే నోటుబుక్కు లాంటిదే. మొదటి వారం ఖాతాలో ఎనభై, ఎనభై, నలభై. ఎవరికి ఎక్కువ బాకీ ఉంటే వారికి గంట ఇవ్వాలి. కాబట్టి లెక్చరర్‌కూ స్కాలర్‌కూ చెరో గంట. రూపాయి ఇచ్చాం, బాకీ ఎనభై పైసలే, కాబట్టి వాళ్లిద్దరూ మనకు ఇరవేసి పైసలు అప్పు. మాస్టారికి మనం నలభై బాకీ. రెండో వారం మళ్లీ ఎనభై, ఎనభై, నలభై చేరతాయి. ఇప్పుడు లెక్చరర్ అరవై, స్కాలర్ అరవై, మాస్టారు ఎనభై. ఈ వారం ఒక గంట మాస్టారిదే. రెండో గంటకు లెక్చరర్, స్కాలర్ సమానంగా ఉన్నారు. చీటీ వేసుకోండి, లెక్చరర్‌కు వచ్చిందనుకుందాం. స్కాలర్‌కు ఆ వారం ఎనిమిది గంటలే వస్తాయి, ఆయన ముఖం కొంచెం చిన్నబోతుంది, కానీ ఖాతాలో ఆయన పేరున అరవై పైసలు నిలిచి ఉన్నాయి. మూడో వారం ఆ అరవైకి ఎనభై చేరి ఆయనకు నూట నలభై అవుతుంది, గంట ఆయన ఇంటికే నడిచి వస్తుంది. రెండో గంట లెక్చరర్‌ది. నాలుగో వారం స్కాలర్, మాస్టారు. అయిదో వారం లెక్చరర్, స్కాలర్.

ఇంటికి వెళ్లాక కాగితం మీద చేసి చూడండి. అయిదో వారం ముగిసేసరికి ముగ్గురి ఖాతాలూ సున్నకు వస్తాయి. అయిదు వారాల్లో లెక్చరర్‌కు నాలుగు అదనపు గంటలు, స్కాలర్‌కు నాలుగు, మాస్టారికి రెండు. వాళ్లు కోరిన నిష్పత్తిలోనే వచ్చాయి. ఏ ఒక్క వారం చూసినా హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. అయిదు వారాలు కలిపి చూస్తే కనిపించవు. అందుకే ఎవరైనా ఫ్యాకల్టీ వచ్చి "ఈ వారం నాకు తగ్గింది" అంటే నేను వాదించను. నోటుబుక్కు తెరిచి చూపిస్తాను. దాన్ని బీరువాలో కాదు, స్టాఫ్ రూములో మేకుకు వేలాడదీసి ఉంచాను. పక్కవాడి ఖాతా కూడా కనిపించాలి. అది కనిపించనంత కాలం ఆ లెక్క నా ఒక్కడిదే, వాళ్లది కాదు.

ఇక్కడ ఒక చిన్న మాట. కదిలే గంట ఇచ్చేటప్పుడు ముందటి రాత్రి చూడాలి. లెక్చరర్ గారు శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా కానిస్టేబుల్ హాలులో ఉంటారు. ఆయనకు శనివారం పొద్దున ఆరింటికి గంట ఇస్తే అది ఇచ్చినట్టా, శిక్షించినట్టా? గురువారం ఆయనకు క్లాసు లేదు. కాబట్టి ఆయన వంతు వచ్చినప్పుడల్లా శుక్రవారం గంటే ఆయనకు ఇస్తాను.

ఇంతవరకూ డబ్బు వచ్చే గంటల గురించే చెప్పాను. డబ్బు రాని గంటలు ఉన్నాయే, వాటి సంగతి ఏమిటి? స్కాలర్ గారి మంగళవారం చూడండి. మొదట నేను వేసిన పట్టికలో అయిదున్నరకు బ్యాంక్ క్లాసు, ఏడున్నరకు కానిస్టేబుల్ రీజనింగ్. మధ్యలో ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఖాళీ. ఇంటికి వెళ్లి రాలేరు, ఇంకొక చోట చెప్పలేరు, స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చోవాలి. గురువారమూ అంతే. వారానికి ఎనిమిది గంటలకు రెండు వేల నాలుగు వందలు వస్తున్నాయి, కానీ ఆయనను మనం కట్టి ఉంచింది పది గంటలు. పదితో భాగిస్తే గంటకు రెండు వందల నలభై. గోడ మీద రేటు మూడు వందలు అని రాసుకున్నాం, ఆయనకు ముట్టింది రెండు వందల నలభై. అరవై రూపాయలు ఎవరు తీసుకున్నారు? ఎవరూ తీసుకోలేదు, నా పట్టిక తినేసింది.

ఆ ఖాళీని ఎలా తీశామో చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో అసలు నేర్పు ఇక్కడే ఉంది. మంగళవారం కానిస్టేబుల్ బ్యాచ్‌కు అయిదున్నరకు చరిత్ర, ఆరున్నరకు కరెంట్ అఫైర్స్, ఏడున్నరకు రీజనింగ్. తేలిక దారి ఏమిటి? ఆరున్నర, ఏడున్నర క్లాసులను మార్చేయడం. స్కాలర్ గారికి ఖాళీ పోతుంది. కానీ కరెంట్ అఫైర్స్ మేడమ్ ఏడున్నరకు ఉండలేరు, పుత్తూరు బస్సు పోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కుదరలేదండీ అంటారు. ఇద్దరి మధ్య కుదరకపోతే ముగ్గురి మధ్య చూడాలి. మేడమ్‌ను అడిగాను, అయిదున్నరకు రాగలరా అని. ఆమె ఆఫీసు అయిదింటికే అయిపోతుందట, ఆ గంటన్నర ఆమె కూడా ఊరికే గడుపుతున్నారట. నాకు తెలియనే తెలియదు. అయితే అయిదున్నరకు కరెంట్ అఫైర్స్, ఆరున్నరకు రీజనింగ్, చరిత్ర ఏడున్నరకు వెళ్లాలి. చరిత్ర మాస్టారు ఆరున్నరకు డీఎస్సీ బ్యాచ్‌లో ఉన్నారు. ఇంతకు ముందు అయిదున్నరకు ఇక్కడ, ఆరున్నరకు అక్కడ. ఇప్పుడు ఆరున్నరకు అక్కడ, ఏడున్నరకు ఇక్కడ. ఆయనకు వరుసగా రెండు గంటలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. గంట ఆలస్యంగా వచ్చి గంట ఆలస్యంగా వెళతారు, ఒప్పుకున్నారు.

గదులు మారాయా? ఒక్కటీ మారలేదు. ఇది గమనించండి. కానిస్టేబుల్ బ్యాచ్‌లో తొంభై మంది ఉన్నారు, వాళ్లు పట్టేది హాలు ఒక్కటే. కాబట్టి బ్యాచ్‌ను హాలులోనే కూర్చోబెట్టి, మాస్టర్ల క్రమాన్ని మాత్రమే తిప్పాం. ఒకే బ్యాచ్‌లో ఒకే రోజు క్రమం తిప్పితే గది గొడవ పుట్టదు. బ్యాచ్‌ల మధ్య తిప్పితే తప్పకుండా పుడుతుంది. తొంభై మందిని చిన్న గదిలోకి పంపలేం, నలభై మందిని హాలులో కూర్చోబెడితే ఆ గంటకు హాలు చేతికి రాదు. అందుకని ఖాళీ తీయాలనుకున్నప్పుడు ముందు బ్యాచ్ లోపల వెతకండి, ఆ తర్వాతే బయటికి చూడండి.

చిత్తూరు మేడమ్ వచ్చిన రోజు రెండు గంటలైనా ఉండాలని రాశారు కదా, అది కూడా ఈ లెక్కే. చిత్తూరు ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లు, బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు అనుకోండి. రెండు క్లాసులు చెబితే ఆరు గంటలకు ఆరు వందలు. ఒక్క క్లాసు కోసం పిలిస్తే అయిదు గంటలకు మూడు వందలు, అందులోనే బస్సు చార్జీ. గ్రూప్–2 పిల్లలు రోజూ ఒక గంట కావాలని అడిగారు, వాళ్లు అడిగింది సబబే, రోజూ లెక్క చేస్తేనే చేయి తిరుగుతుంది. అయినా మూడు రోజులు రెండేసి గంటలకే నేను నిలబడ్డాను. మిగిలిన మూడు రోజులు ఆ గదిలోనే సొంతంగా లెక్కలు చేసుకోమని షీట్లు ఇస్తాం. ఇది పిల్లలకు కొంత నష్టమే, దాచను. కానీ రోజూ రమ్మంటే ఆమె నెల లోపల మానేస్తారు, అప్పుడు పిల్లలకు మొత్తమే నష్టం.

ఇక క్లాసు జరగని రోజుల సంగతి. మన ఊళ్లో దీన్ని విడిగా చెప్పుకోవాలి. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, అయిదో రోజు సాయంత్రం గరుడసేవ. ఆ సాయంత్రం క్లాసు పెడితే ఎవరు వస్తారు? పిల్లలూ రారు, బస్సులూ కదలవు. సెలవు ఇస్తాం. మంచిదే, కానీ ఆ సెలవుకు ధర ఎవరు కట్టారు? పొద్దుటి క్లాసు ముగించుకుని మాస్టారు ఇంటికి వెళ్లిపోయారు, ఆయన గంట ఆయనకు వచ్చింది. సాయంత్రం మాత్రమే ఉన్న స్కాలర్ గంట పోయింది. పండుగ అందరిదీ, నష్టం ఒక్కరిది. గంటల జీతంలో సెలవు అంటే అది. మేము ఇలా చేస్తాం: సెంటరు సెలవు ఇస్తే, ఆ పోయిన గంటను ఆయన ఖాతాలో పూర్తి రూపాయిగా వేస్తాం. తర్వాతి వారాల్లో కదిలే గంట ఆయనకు ముందుగా వెళుతుంది. ఫ్యాకల్టీ తానే రాకపోతే ఖాతాలో ఏమీ వేయం. వచ్చి గేటు దాకా చేరాక క్లాసు లేదని తెలిస్తే, ఖాతాలో కాదు, డబ్బే ఇస్తాం, పూర్తి గంటకు. ఈ చివరిదానికి మా యజమాని మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక గమ్మత్తు ఏమిటంటే, ముందు రోజు రాత్రే ఫోను చేసి చెప్పడం మా ఆఫీసు వాళ్లకు అలవాటైంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. వారానికి కదిలే గంటలు రెండే. గరుడసేవ గంట ఒక్కటే అయితే ఆ రెండింటితో తీర్చగలం. వరుసగా మూడు నాలుగు గంటలు పోతే ఖాతాలో బాకీ పెరిగిపోతుంది, పట్టికలో తీర్చే చోటు ఉండదు. నేను పెట్టుకున్న గుర్తు ఏమిటంటే, ఎవరి ఖాతాలోనైనా రెండు రూపాయలు దాటి బాకీ కనిపిస్తే, ఇక వారం వారం సర్దుబాటుతో అది తీరదు. అప్పుడు ఆదివారం టెస్టు పర్యవేక్షణ, పేపరు దిద్దడం లాంటి పని గంటల రేటుకే వారికి ఇస్తాను. అదీ కుదరకపోతే డబ్బుతో తీర్చమని యజమాని దగ్గరకు నోటుబుక్కు తీసుకెళతాను.

చివరి వరుసలో మేడమ్ ఒకరు చెయ్యి ఎత్తారు. చెప్పండమ్మా. చీటీలో అందరూ గరిష్ఠం ఎక్కువగా రాసేస్తే ఎలా, ఎక్కువ రాసినవారికే ఎక్కువ వస్తుంది కదా అంటున్నారు. నిజమే, మొదటి ఏడాది ఒకాయన ఇరవై అని రాశారు. మేము పెట్టిన నియమం ఒక్కటే. రాసిన గరిష్ఠం లోపల మేము గంట ఇస్తే కాదనకూడదు. రెండుసార్లు కాదంటే, అప్పటివరకు ఆయన నిజంగా తీసుకున్న గంటలే ఆయన గరిష్ఠమని దిద్దేస్తాం. ఇరవై అని రాసినాయన మూడో వారంలో నా బల్ల దగ్గరకు వచ్చి, చీటీ వెనక్కి తీసుకుని, పదకొండు అని దిద్ది వెళ్లారు. ఆ నోటుబుక్కు ఇవాళ తెచ్చాను, ఆ దిద్దుబాటు కూడా అందులోనే ఉంది. టీ తాగేటప్పుడు బల్ల మీద పెడతాను, తిరగేసి చూడండి.